తూర్పు ఫేసింగ్ బిల్డింగు ఫోటోకి నీలాకాశం: కిటికీ అద్దాలు, గోడల రంగు కుదిరేలా ఎలా మార్చాలి

ఆగస్టులో బెంగళూరు ఆకాశం చాలా రోజులు ఉతికి ఆరేసిన పంచెలా తెల్లగా ఉంటుంది. శ్రావణమాసంలో బుకింగులు మొదలుపెట్టే బిల్డర్లకి ఫోటోలు కావలసింది కూడా అప్పుడే. వర్తూరు వైపు చిన్న అపార్ట్‌మెంట్లు కట్టే నెల్లూరాయన ఒకరు నాతో అలాంటి ఫోటో తీయించుకున్నారు. చూడగానే, "బాబూ, తూర్పు ఫేసింగ్ ఫ్లాట్లు ఇవి. బ్రోచర్లో ఈ ముసురు కనిపిస్తే ఎవరొస్తారు? ఆకాశం నీలంగా పెట్టు" అన్నారు.

ఆ ఫోటోనే ఇక్కడ మెట్టు మెట్టుగా చూపిస్తాను. స్టిల్ట్ పార్కింగ్ మీద నాలుగు అంతస్తులు, మొత్తం ఎత్తు సుమారు 16 మీటర్లు. తెల్ల గోడలు, మధ్యలో ఇటుక రంగు పట్టీలు. ముందు 40 అడుగుల రోడ్డు, దాని అవతల ఒక ఖాళీ సైటు, ఆ సైటు వెనక రెండంతస్తుల ఇల్లు. నేను సైటు చివర, బిల్డింగుకి 30 మీటర్ల దూరంలో, ఆ ఇంటికి వీపు పెట్టి నిలబడ్డాను. కెమెరా నిలువుగా పెట్టి, లెవెల్ తప్పకుండా, 24 ఎంఎం లెన్సుతో తీశాను. లెవెల్ ఎందుకు అవసరమో కిటికీల దగ్గర తెలుస్తుంది.

ముందు నీడలు చూడండి, ఆకాశం తర్వాత

ఫోటో తెరిచి 100 శాతానికి జూమ్ చేసి సజ్జల కింద చూడండి. మబ్బు రోజున సజ్జ కింద గీత గీసినట్టు నీడ ఉండదు, మెల్లగా నల్లబడుతుంది అంతే. బాల్కనీ గ్రిల్ నీడ గోడ మీద పడదు. అంటే ఈ గోడ మీద నేరుగా ఎండ పడలేదు. ఇలాంటి గోడ వెనక మిట్టమధ్యాహ్నపు ఆకాశం పెడితే, చూసేవాళ్ళకి కారణం తెలియకపోయినా ఏదో అతికించినట్టు అనిపిస్తుంది. ఎండ ఉన్న ఆకాశం, ఎండ పడని గోడ ఒకే ఫోటోలో ఎలా ఉంటాయి?

ఉంటాయి. సూర్యుడు బిల్డింగు వెనక ఉంటే ఉంటాయి. మన గోడ తూర్పు వైపుకి ఉంది కాబట్టి సాయంత్రం అది తన నీడలోనే ఉంటుంది. ఆగస్టు మధ్యలో బెంగళూరులో సాయంత్రం 5 గంటలకి సూర్యుడు దిగంతం నుంచి సుమారు 23 డిగ్రీల ఎత్తులో, సరిగ్గా పడమరకి 10 డిగ్రీలు ఉత్తరంగా ఉంటాడు. నేను నిలబడ్డ చోటు నుంచి బిల్డింగు పైకప్పు 26 డిగ్రీల ఎత్తులో కనిపిస్తుంది. కాబట్టి సూర్యుడు పిట్టగోడ వెనక, మధ్యకి కొంచెం కుడిగా దాక్కుంటాడు. బిల్డింగు నీడ 37 మీటర్ల దాకా పరుచుకుంటుంది. రోడ్డు, ఖాళీ సైటు, నేను, అందరం నీడలోనే. అంటే మబ్బు రోజున వచ్చిన మెత్తటి వెలుతురు, సాయంత్రం 5 గంటల నీలాకాశం కింద కూడా దాదాపు అలాగే ఉంటుంది. అందుకే ఈ ఫోటోకి 5 గంటల ఆకాశాన్ని ఎంచుకున్నాను.

మీ బిల్డింగు పడమర ముఖమైతే పొద్దున ఆకాశం కావాలి. ఉత్తరం, దక్షిణం గోడలతో జాగ్రత్త. 13 డిగ్రీల అక్షాంశంలో ఉన్న బెంగళూరులో ఏప్రిల్ చివరి నుంచి ఆగస్టు మధ్య దాకా మధ్యాహ్నపు సూర్యుడు నడినెత్తికి ఉత్తరంగా ఉంటాడు. ఉత్తరపు గోడకి ఎప్పుడూ ఎండ తగలదనుకుంటే ఆ నెలల్లో పప్పులో కాలేసినట్టే.

మబ్బు ఫోటోలో ఎండ నీడలు చేత్తో గీసి, పగటి ఎండ తెప్పించే పని నేను ఒప్పుకోను. ప్రతి గ్రిల్‌కీ, ప్రతి పైపుకీ నీడ గీయాలి. ఒక్కటి మరిచినా దొరికిపోతాం.

ఆకాశం ఒకటి కాదు, రెండు తీయండి

ఇంటర్నెట్‌లో దొరికే ఆకాశంతో ఇక్కడ పని కాదు. బిల్డింగు వెనక కనిపించేది పడమటి ఆకాశం. కిటికీ అద్దాల్లో కనిపించేది ఫోటో తీసేవాళ్ళ వెనక ఉన్న ఆకాశం, అంటే తూర్పు. ఈ రెండూ ఒకే సమయంలో కూడా ఒకేలా ఉండవు. సూర్యుడి వైపు ఆకాశం పాలిపోయి, మెరుస్తూ ఉంటుంది. అక్కడి మబ్బులకి అంచులు వెలుగుతాయి, పొట్టలు బూడిద రంగులో ఉంటాయి. తూర్పు వైపు నీలం చిక్కగా ఉంటుంది, మబ్బుల మీద ఎండ ఎదురుగా పడి మొత్తం తెల్లగా వెలుగుతాయి.

కాబట్టి తెరిపి ఇచ్చిన సాయంత్రం చూసుకుని 5 గంటలకి మేడ మీదికి వెళ్ళండి. అదే 24 ఎంఎం, కెమెరా నిలువుగా, లెవెల్‌లో. ముందు పడమర తీయండి. సూర్యుడు ఫ్రేములోకి రాకుండా మెట్ల గది గోడ వెనకో వాటర్ ట్యాంకు వెనకో ఉండేలా నిలబడండి. మబ్బుల అంచులు కాలిపోకుండా ఎక్స్‌పోజర్ మాన్యువల్‌గా పెట్టి, వైట్ బ్యాలెన్స్‌ని Daylight లో లాక్ చేయండి. తర్వాత వెనక్కి తిరిగి, ఒక్క సెట్టింగు కూడా మార్చకుండా తూర్పు తీయండి. రెండింటి మధ్య ఉన్న వెలుగు తేడాయే మనకి కావలసింది. దాన్ని కెమెరా ఆటోకి వదిలేస్తే చెరిపేస్తుంది.

ఆకాశం కోయడం

ఇది సులువైన భాగం. ఫోటోషాప్‌లో Select > Sky తో ఎంపిక చేసుకుని, పడమటి ఆకాశానికి దాన్ని మాస్క్‌గా ఇవ్వండి. పని మొత్తాన్ని ఒకేసారి చేసిపెట్టే Sky Replacement కూడా Edit మెనూలో ఉంది. కానీ అది మీరిచ్చిన ఆకాశం రంగునే బిల్డింగు మీద కూడా అద్దుతుంది. మన గోడకి రంగు తూర్పు ఆకాశం నుంచి రావాలి కాబట్టి ఇక్కడ అది వాడను.

చూసుకోవలసింది రెండు. ఒకటి, ఆకాశం ఫోటోలోని దిగంతాన్ని బిల్డింగు ఫోటోలో మీ కంటి మట్టం దగ్గరకి దించండి. మన ఫోటోలో అది గేటు పైభాగం దగ్గర వస్తుంది. అలా చేస్తే పాలిపోయిన కింది ఆకాశం కిందా, నీలం పైనా వాటంతటవే కుదురుతాయి. చాలామంది ఆకాశంలో బాగున్న ముక్కని ఎక్కడో పైనుంచి కోసి పిట్టగోడ మీద పెడతారు. అక్కడే మబ్బుల సైజు తప్పిపోతుంది.

రెండోది తెల్లటి అంచు. పాత తెల్లాకాశం పిట్టగోడ అంచుల్లోకి, కరెంటు తీగల చుట్టూ, కొబ్బరాకుల సందుల్లో కొద్దిగా చొరబడి ఉంటుంది. వెనక నీలం రాగానే అది తెల్ల దారంలా కనిపిస్తుంది. గోడ అంచుల దగ్గర మాస్క్‌ని ఒక పిక్సెల్ గోడ వైపుకి జరిపితే చాలు. తీగలనీ ఆకులనీ మాత్రం కోయడానికి ప్రయత్నించకండి. ఆ చోట్ల ఆకాశం లేయర్‌కి ఇంకో కాపీ తీసి Multiply లో పెట్టండి. తెల్లటి చోట కొత్త ఆకాశం పూర్తిగా వస్తుంది, నల్లటి తీగ నల్లగానే ఉంటుంది. పాత ఆకాశం పూర్తి తెలుపు కాకుండా 235 దగ్గర ఉంటే, ఆ భాగాన్ని ముందు Curves తో 255 కి ఎత్తాలి. లేకపోతే చెట్టు చుట్టూ మురికి మచ్చలా మిగులుతుంది.

కిటికీలు

నేను ఎక్కువ సమయం పెట్టేది ఇక్కడే. బ్రోచర్ చూసే మనిషి కళ్ళు ముందు కిటికీల మీదికే పోతాయి. వాటిలో తెల్లాకాశం మిగిలిపోతే ఎంత బాగా కోసినా వృథా.

ముందు తెలుసుకోవలసింది ఒక్కటే. నిలువుగా ఉన్న అద్దం దిశని వెనక్కి తిప్పుతుంది, ఎత్తుని మార్చదు. మీరు 22 డిగ్రీలు పైకి చూసి నాలుగో అంతస్తు కిటికీని చూస్తుంటే, అందులో కనిపించేది మీ వెనక 22 డిగ్రీల ఎత్తులో ఉన్న ఆకాశం. కింది అంతస్తు కిటికీలో ఐదారు డిగ్రీల ఎత్తులోది, అంటే దిగంతానికి దగ్గరగా పాలిపోయినది. కాబట్టి పై అంతస్తు అద్దాలు నీలంగా, కింద అంతస్తువి తెలుపు కలిసినట్టు ఉండాలి. అన్నిటికీ ఒకే నీలం పూస్తే ప్లాస్టిక్ ముక్కల్లా ఉంటాయి.

దీన్ని చేసే పద్ధతి లెక్క కన్నా తేలిక. తూర్పు ఆకాశం ఫోటోని తీసుకుని Edit > Transform > Flip Horizontal తో తిప్పండి. అద్దంలో ఉత్తరం మీ కుడివైపునే ఉంటుంది, కానీ తూర్పుకి తిరిగి తీసిన ఫోటోలో ఎడమకి పోతుంది. అందుకే తిప్పాలి. దాన్ని ముక్కలు చేయకుండా బిల్డింగు మొత్తం మీద ఒక్క దుప్పటిలా పరవండి. దీని దిగంతం కూడా గేటు పైభాగం దగ్గరే, పడమటి ఆకాశం దిగంతం ఉన్న గీత మీదే పెట్టండి. సైజు మార్చకండి. చదునైన అద్దంలో మబ్బు చిన్నదైపోదు, నేరుగా చూస్తే ఎంత కనిపిస్తుందో అంతే కనిపిస్తుంది. అందుకే కెమెరా లెవెల్‌లో ఉండాలన్నాను, అదే లెన్సు వాడమన్నాను. ఇప్పుడు కిటికీ అద్దాలని Pen టూల్‌తో ఎంచి మాస్క్ ఇవ్వండి. ఒక మబ్బు మూడు కిటికీల మీదుగా సాగుతుంది, మధ్యలో గోడ దాన్ని కప్పేస్తుంది. నిజం బిల్డింగుల్లో కనిపించేది అదే. ప్రతి కిటికీలోనూ బుల్లి మబ్బు ఒకటి పూర్తిగా ఇమిడి ఉంటే, అది పక్కా అతుకు.

లేయర్‌ని Multiply కి మార్చండి. ఇందులో ఒక మంచి ఉంది. పాత ఫోటోలోని అద్దాల్లో అప్పటికే నిజమైన ప్రతిబింబం ఉంది. ఎదురింటి నల్లటి ఆకారం, చెట్టు, తీగలు అన్నీ వాటి చోట్లలో ఉన్నాయి. Multiply వాటిని ముట్టుకోదు. తెల్లాకాశం కనిపించిన చోటే రంగు మారుస్తుంది. కానీ కర్టెన్లు వేసిన గదుల్లో ఇబ్బంది వస్తుంది, తెల్ల కర్టెన్ కూడా నీలమైపోతుంది. మామూలు అద్దం ఎదురుగా చూస్తే తన మీద పడ్డ వెలుగులో సుమారు 8 శాతమే తిప్పి పంపుతుంది. వెనక చీకటి ఉంటే ఆ 8 శాతం బాగా కనిపిస్తుంది, తెల్ల కర్టెన్ ఉంటే దానిలో కలిసిపోతుంది. కాబట్టి కర్టెన్ ఉన్న అద్దాల దగ్గర మాస్క్‌ని బూడిద రంగు బ్రష్‌తో సగానికి తగ్గించండి. చీకటి భాగాల్లో ఏమాత్రం రంగు ఎక్కినట్టు అనిపించినా, లేయర్ మీద డబుల్ క్లిక్ చేసి Blend If లో Underlying Layer కింది నల్ల త్రికోణాన్ని Alt నొక్కి రెండుగా చీల్చి కుడికి జరపండి.

ఇప్పుడు ఒక కిటికీని దగ్గరగా చూద్దాం. మూడో అంతస్తులో ఎడమ నుంచి రెండోది. మన అపార్ట్‌మెంట్లలో ఉండే మామూలు మూడు పట్టాల స్లైడింగ్ కిటికీ. రెండు అద్దం తలుపులు, ఒకటి దోమల మెష్. ఎడమ అద్దం బయటి పట్టా మీద, కుడి అద్దం లోపలి పట్టా మీద ఉన్నాయి. ఏ రెండు అద్దాలూ పూర్తిగా ఒకే తలంలో కూర్చోవు, వెంట్రుకవాసి వాలు ఉంటుంది. పాత ఫోటోలో జూమ్ చేస్తే ఎదురుగా ఉన్న తీగ ఎడమ అద్దంలో ఒక ఎత్తులో, కుడి అద్దంలో సుమారు 9 పిక్సెళ్ళు కిందికి కనిపించింది. ఆకాశం కూడా అంతే జరగాలి. కుడి అద్దం భాగాన్ని వేరే లేయర్‌గా చేసి 9 పిక్సెళ్ళు దించాను. కుడి అద్దంలో సగం మీద మెష్ ఉంది. మెష్ వెనక ఉన్న అద్దం ప్రతిబింబం సగానికి పైగా చచ్చిపోయి బూడిదగా ఉంటుంది. అక్కడ మాస్క్‌ని 35 శాతానికి తగ్గించాను. ఆ ఒక్క కిటికీకి పది నిమిషాలు పట్టింది. ఇరవై నాలుగు కిటికీలకీ ఇలా చేయనక్కర్లేదు. కంటి ముందు పడే ఆరేడింటికి చేస్తే మిగతావి వాటితో కలిసిపోతాయి.

ఇంకొక విషయం చాలామంది మరిచిపోతారు. మొదటి అంతస్తు కిటికీల కింది భాగంలో ఎదురిల్లు కనిపిస్తుంది. ఆ ఇంటి ముందు గోడ పడమరకి ఉంది. సాయంత్రం 5 గంటలకి మన బిల్డింగు నీడ ఆ గోడ మీద రెండు మీటర్ల ఎత్తు దాకానే వస్తుంది, పైన మొత్తం ఎండే. కాబట్టి అద్దంలోని ఎదురిల్లు మబ్బు రోజులా చప్పగా ఉండకూడదు. ఆ చిన్న భాగాన్ని ఎంచి Curves తో కాస్త ఎత్తి, ఎరుపు రెండు మెట్లు పెంచి నీలం అంతే తగ్గించండి. ఇది చేసిన వెంటనే ఫోటోకి సాయంత్రం వచ్చేస్తుంది. నాకు ఈ పనిలో బాగా నచ్చే క్షణం అదే.

బిల్డింగు పక్క గోడ కూడా ఏటవాలుగా కనిపిస్తుంటే దానికి ఈ దుప్పటి పనికిరాదు. ఏటవాలు అద్దంలో ప్రతిబింబం ఎక్కువ గట్టిగా ఉంటుంది, కనిపించే ఆకాశం కూడా పడమటి ఆకాశానికే దగ్గర. అక్కడ పడమటి ఫోటోనే తిప్పి వాడాలి.

గోడల మీద రంగు

నీడలో ఉన్న తెల్ల గోడకి వెలుగు ఎక్కడి నుంచి వస్తుంది? ఎదురుగా ఉన్న తూర్పు ఆకాశం నుంచీ, నేల నుంచీ. మబ్బు రోజున ఆ ఆకాశం తెల్లగా ఉంది, ఇప్పుడు నీలమైంది. కాబట్టి గోడ కొంచెం నీలానికి తిరగాలి. ఎంత తిరగాలో కంటితో కాకుండా Info ప్యానెల్‌తో చూడండి.

మన గోడ మీద ఒక చోట విలువలు 214, 213, 209 ఉన్నాయి. ఆకాశం నీలమైతే ఎరుపు వెలుగు తగ్గుతుంది, ఆకుపచ్చ కొంచెం తగ్గుతుంది. Curves లేయర్ తీసి, Red ఛానెల్‌లో పై కుడి మూల చుక్కని 255 నుంచి 237 కి, Green లో 245 కి దించండి. Blue ని కదపకండి. గోడ 199, 205, 209 అవుతుంది. ఇలా మూల చుక్కని దించడం వల్ల రంగు గోడల మీద కూడా సరిగ్గా పనిచేస్తుంది. ఇటుక రంగు పట్టీ నీలంగా మారదు, కాస్త మందంగా అవుతుంది. నిజంగా నీలం వెలుగులో ఇటుక అలాగే ఉంటుంది. నీలం రంగు పొర ఒకటి పైన వేసి Color మోడ్‌లో పెడితే ఇటుక పట్టీ ఊదాకి తిరిగి పాడవుతుంది.

ఇప్పుడు ఆ లేయర్ మాస్క్‌లో కొన్ని చోట్ల రంగు తీసేయాలి. ఏ భాగం ఆకాశాన్ని చూస్తుందో దానికే నీలం. సజ్జల అడుగు, బాల్కనీ స్లాబుల అడుగు నేలని చూస్తాయి. వాటికి నీలం ఉండకూడదు, సైటులోని ఎర్రమట్టి నుంచి వచ్చే వెచ్చదనం ఉండాలి. మబ్బు ఫోటోలో ఆ వెచ్చదనం కొంత అప్పటికే ఉంటుంది కాబట్టి, అక్కడ మాస్క్‌ని నల్లగా పూస్తే చాలు. స్టిల్ట్ పార్కింగ్ లోపలా అంతే. పిట్టగోడ పైఅంచు, సజ్జల పైభాగం పూర్తిగా ఆకాశాన్నే చూస్తాయి, వాటికి మాస్క్ పూర్తి తెల్లగా ఉంచండి. గోడ కింది రెండు మీటర్లలో నేల ప్రభావం ఎక్కువ కాబట్టి Gradient టూల్‌తో కిందికి పోనుపోను రంగు తగ్గించండి.

రంగు కుదిరాక వెలుగు చూడాలి. నీడలో ఉన్న గోడ, దాని వెనకున్న సూర్యుడి వైపు ఆకాశం కన్నా వెలుగ్గా ఉండదు. ఫోటోని కాసేపు నలుపు తెలుపుగా మార్చి చూడండి. పిట్టగోడ పక్కన ఆకాశం గోడ కన్నా నల్లగా కనిపిస్తే తప్పు. ఇక్కడ బిల్డింగు మొత్తాన్ని 12 శాతం తగ్గించాను, గోడ 175, 180, 184 దగ్గరికి వచ్చింది. పిట్టగోడ వెనక ఆకాశం 225 దగ్గర ఉంది, మధ్యకి కొంచెం కుడిగా ఇంకా ఎక్కువ.

నెల్లూరాయన ఇది చూసి, "గోడ డల్ అయింది బాబూ" అన్నారు. ఆయన మాటా న్యాయమే, తెల్ల రంగుకి డబ్బు పెట్టారు. అప్పుడు గోడ ఒక్కదాన్నే ఎత్తకూడదు. అన్ని లేయర్ల మీద ఒక Curves పెట్టి ఆకాశం, గోడ, కిటికీలు కలిపి ఎత్తాలి. ఆకాశం పైన ఇంకొంచెం పాలిపోతుంది, పాలిపోనివ్వండి. సాయంత్రం సూర్యుడి వైపు తీసిన ఏ ఫోటోలోనైనా అలాగే ఉంటుంది. పోస్టర్ నీలమే కావాలంటే ఈ వెలుగుతో రాదు. పొద్దున ఎండ గోడ మీద పడుతున్నప్పుడు మళ్ళీ తీయాలి. ఆ మాట ముందే చెప్పేస్తే ఇద్దరికీ టెన్షన్ ఉండదు.

రోడ్డు, కార్లు

వాన పడ్డ రోడ్డు మీద నీళ్ళు నిలిస్తే వాటిలోనూ పాత తెల్లాకాశం ఉంటుంది. నీళ్ళు పడుకున్న అద్దం కాబట్టి దిశని వెనక్కి తిప్పవు. వాటిలో కనిపించేది బిల్డింగూ, దాని వెనక పడమటి ఆకాశమూ, తలకిందులుగా. అందుకే అక్కడ పడమటి ఫోటోని Flip Vertical చేసి వాడాలి. పార్క్ చేసిన కారు పైకప్పుకీ, బోనెట్‌కీ ఇదే లెక్క. అదే కారు తలుపు అద్దం నిలువుగా ఉంది కాబట్టి అది తూర్పునే చూపిస్తుంది. మా ఫోటోలో గేటు ముందు తెల్ల కారు ఒకటి ఉండిపోయింది. దాని పైకప్పుకి పడమటి రంగు, తలుపులకి తూర్పు నీలం ఇచ్చాక గేటు పక్కన చిన్న నీటి మడుగు ఒకటి మిగిలింది. దాన్నీ సరిచేసి ఫైలు ప్రింటుకి పంపాను.